తరగతి వెనక బెంచీలో కూర్చున్నవారు ఏం రాసుకోవాలి?

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రాథమిక బడుల్లో ఒక పెద్ద పరిశోధన మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేపట్టిన పని అది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాని ఫలితాలను ప్రచురించారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇవ్వడం అందులో ఒక భాగం. ప్రపంచమంతా దాని గురించే మాట్లాడుకుంది. అంతగా చర్చకు రాని భాగం ఇంకొకటి ఉంది. మన బడుల్లో తనిఖీ అనే పనిని అర్థం చేసుకోవడానికి నాకు అదే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

ఒక వంద బడుల్లో టీచర్లకు బోనస్ ఏమీ లేదు. ఏడాది మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ పిల్లవాడికి ఏది వచ్చో ఏది రాదో వివరంగా రాసిన నివేదికలు టీచర్ల చేతికిచ్చారు. వాటిని ఎలా వాడుకోవాలో సూచనలు ఇచ్చారు. ఏడాది పొడవునా మధ్యమధ్యలో పరిశీలకులు వచ్చి తరగతిలో కూర్చుని, టీచరు ఏం చేస్తున్నారో నమోదు చేసుకున్నారు. ఉద్యోగానికి ముప్పు లేదు, జీతంతో సంబంధం లేదు. ఇవేవీ అందని మరో వంద బడులతో వీటిని పోల్చి చూశారు.

పరిశీలకులు వెళ్లినప్పుడు ఈ బడుల్లో టీచర్లు మిగతావాళ్లకంటే చురుగ్గా పాఠం చెబుతూ కనిపించారు. పరిశీలన పత్రాలు మాత్రమే చూసినవాళ్లు కార్యక్రమం విజయవంతమైందని రాసేవారు. ఏడాది చివర పెట్టిన పరీక్షలో మాత్రం ఈ బడుల పిల్లలకు, మిగతా బడుల పిల్లలకు తేడా లేదు. చూసేవాళ్లు ఉన్నంతసేపు టీచర్లు బాగా చెప్పారు, వాళ్లు వెళ్లాక మామూలుగా నడిచింది. పరిశోధకులు తేల్చింది ఇదే.

బోనస్ ఇచ్చిన బడుల్లో పిల్లలు నిజంగానే మెరుగుపడ్డారు. ఆ సంగతి దాచాల్సిన పనిలేదు. బోనస్ బడుల టీచర్లకూ అవే నివేదికలు అందాయి. నివేదిక తమకు ఉపయోగపడిందని చెప్పిన టీచర్ల పిల్లలు అక్కడ ఎక్కువ నేర్చుకున్నారు. బోనస్ లేని బడుల్లో అలాంటి సంబంధం కనబడలేదు. అంటే నివేదికల్లో సరుకు ఉంది. దాన్ని తీసుకుని వాడుకోవాలనే కోరిక పుట్టినచోటే అది పనిచేసింది. ఆ కోరికను డబ్బు పుట్టించగలదని ఈ పరిశోధన చూపింది. డబ్బు లేకుండా పుట్టించాలంటే ఏం కావాలన్నదే మన బడుల ముందున్న ప్రశ్న. ఎందుకంటే మన బడుల్లో రోజూ జరిగే పర్యవేక్షణ బోనస్‌తో నడిచేది కాదు. హెచ్.ఎం. వరండాలో తిరగడం, ఎంఈఓ రావడం, సంతకం, రిమార్కు. అదే మన పర్యవేక్షణ.

ఈ పనిలో రెండు రకాలున్నాయి. ఒకటి తీర్పు చెప్పడానికి చేసే పరిశీలన. టీచరు బాగా చెబుతున్నారా లేదా, గ్రేడ్ ఎంత, ఇంక్రిమెంటు ఇవ్వవచ్చా, మెమో ఇవ్వాలా అన్నవి అక్కడ తేలతాయి. రెండోది ఎదుగుదల కోసం చేసే పరిశీలన. ఈ టీచరు ఈ పిల్లలతో ఎక్కడ ఇబ్బంది పడుతున్నారు, తర్వాతి పాఠంలో ఏం మార్చవచ్చు అన్నది అక్కడ తేలుతుంది. బడికి రెండూ అవసరమే. రెండింటినీ ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే రిజిస్టరులో చేయబోవడం దగ్గర చిక్కు మొదలవుతుంది. జీవిత బీమా కోసం పరీక్ష చేసే డాక్టరు దగ్గర, జబ్బు చేసినప్పుడు వెళ్లే డాక్టరు దగ్గర మనం ఒకేలా మాట్లాడం. మొదటాయన అడిగినదానికే జవాబిస్తాం. రెండో ఆయనకు అడగనివి కూడా చెబుతాం. టీచరు కూడా అంతే. రాసుకున్న మాట రేపు తన మీదికి వస్తుందనుకుంటే బాగా వచ్చిన పాఠమే చూపిస్తారు, బాగా చదివే పిల్లలనే లేపుతారు. ఆ పూట అధికారికి కనబడేది అసలు తరగతి కాదు.

ఈ అనుభవం కొత్తదేమీ కాదు. 1862లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ లోవ్ తెచ్చిన సవరించిన నిబంధనావళి ప్రకారం ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి ప్రతి పిల్లవాడికీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్ష పెట్టేవాడు. ఎంతమంది పాసైతే అంత గ్రాంటు వచ్చేది. 1860లలోనే మద్రాసు ప్రెసిడెన్సీ కూడా ఫలితాన్నిబట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతిని ఎయిడెడ్ బడులకు తెచ్చింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. ఇన్‌స్పెక్టరు అడిగేది ఏ పుస్తకంలోనిదో ముందే తెలుసు కాబట్టి ఇంగ్లండ్ బడుల్లో పిల్లలచేత పుస్తకం మొత్తం కంఠస్థం చేయించారు. కవి మాథ్యూ ఆర్నాల్డ్ వృత్తిరీత్యా బడుల ఇన్‌స్పెక్టరే. ఈ పద్ధతి బడిలో చదువును యాంత్రికం చేస్తోందని తన నివేదికల్లోనే రాశాడు. ఇన్‌స్పెక్షన్ అనగానే మన బడుల్లో ఇప్పటికీ పుట్టే కంగారుకు మూలాలు అంత పాతవి.

తీర్పు పరిశీలన, ఎదుగుదల పరిశీలన తరగతిలో ఎలా వేరుపడతాయో ఒక పాఠం తీసుకుని చూద్దాం. ఇది వివరించడానికి కల్పించిన ఉదాహరణే. ఇందులో పిల్లలు చేసే తప్పు మాత్రం లెక్కలు చెప్పే ప్రతి టీచరూ చూసినదే.

మూడో తరగతి, 28 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. పాఠం తీసివేతలు. 52లోంచి 27 తీసేయాలి. టీచరు బోర్డు మీద రెండు లెక్కలు చేసి చూపించారు. "అర్థమైందా?" అని అడిగారు. "అర్థమైంది మేడం" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు. నోటుబుక్కుల్లో చాలామంది 35 అని రాశారు. జవాబు 25. రెండులోంచి ఏడు పోదు కాబట్టి, పిల్లలు ఏడులోంచి రెండు తీసేసి అయిదు వేశారు. అయిదులోంచి రెండు తీసి మూడు వేశారు. పైది, కింది అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు.

తనిఖీ పద్ధతిలో ఈ పీరియడ్‌కు ఒక అధికారి వచ్చారనుకుందాం. పాఠ్య పథకం రాశారా, టీచర్ డైరీ ఉందా, టీఎల్ఎం వాడారా, బోర్డు పని బాగుందా, పిల్లలు పాల్గొన్నారా అని వరుసగా గళ్లు నింపుతారు. పిల్లలు గట్టిగా జవాబు చెప్పారు కాబట్టి పాల్గొన్నట్టే లెక్క. పీరియడ్ చివర రిజిస్టరులో "బోధన సంతృప్తికరం. టీఎల్ఎం వాడవలెను" అని రాసి సంతకం చేస్తారు. మేడం కూడా కింద సంతకం పెడతారు. ఆ రిమార్కులో తప్పేమీ లేదు. కానీ ఆ 35 అనే జవాబు ఎవరి కంటా పడలేదు. టీఎల్ఎం అంటే ఏది, ఎప్పుడు, ఏ పిల్లల కోసమో తెలియదు. మరుసటి తనిఖీ నాటికి గోడ మీద ఒక చార్టు వేలాడుతుంది, అంతే.

రెండో పద్ధతికి 1950లలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మోరిస్ కోగన్, ఆయన సహచరులు రూపమిచ్చారు. రాబర్ట్ గోల్డ్‌హామర్ 1969 నాటి పుస్తకంలో దాన్ని అయిదు దశలుగా వివరించాడు. దీన్ని క్లినికల్ పర్యవేక్షణ అంటారు. టీచరు పనిని దూరం నుంచి కాకుండా దగ్గర కూర్చుని చూస్తారు కాబట్టి ఆ పేరు వచ్చింది. అదే పాఠాన్ని ఇలా చూస్తే ఏం జరుగుతుందో చూద్దాం.

ముందు రోజు సాయంత్రం హెచ్.ఎం. పది నిమిషాలు కూర్చుంటారు. "మేడం, రేపు మీ క్లాసులో నన్ను ఏం చూడమంటారు?" అని అడుగుతారు. మొదటిసారి చాలామంది "మీ ఇష్టం సార్" అంటారు. కాస్త ఓపిక పడితే అసలు సంగతి బయటికొస్తుంది. "అర్థమైందా అంటే అందరూ అర్థమైంది అంటారు సార్, నోటుబుక్కు చూస్తే తప్పులే. ఎక్కడ తేడా పడుతోందో తెలియడం లేదు." అంతే, రేపు చూడాల్సింది తేలిపోయింది. ఏ పిల్లలను ప్రశ్న అడిగారు, ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగారు, చివర నోటుబుక్కుల్లో ఏ తప్పు వచ్చింది అన్న మూడే చూడాలని ఇద్దరూ అనుకుంటారు. డ్రెస్సు, డైరీ, చార్టులు, బోర్డు అందం వీటి జోలికి పోకూడదు.

మర్నాడు హెచ్.ఎం. చేతిలో పిల్లలు కూర్చునే వరసల బొమ్మ ఒకటి ఉంటుంది. టీచరు ఎవరిని అడిగితే ఆ గడిలో ఒక గీత పెడతారు. మెచ్చుకోలు, తప్పుపట్టడం ఏదీ రాయరు, జరిగింది మాత్రమే రాస్తారు. పీరియడ్ అయ్యేసరికి ఆ కాగితం ఇలా ఉందనుకుందాం. పిల్లలను పేరు పెట్టి అడిగిన ప్రశ్నలు 30. అందులో 19 ముందు వరసలో కూర్చున్న ఆరుగురికే వెళ్లాయి. 12 మందికి ఒక్క ప్రశ్న కూడా వెళ్లలేదు. ప్రశ్న వేశాక ఆగింది దాదాపు ఒక సెకను. నోటుబుక్కుల్లో 13 మంది జవాబు సరైనది, 11 మంది 35 అని రాశారు, మిగతా నలుగురివి రకరకాల తప్పులు. 35 రాసిన 11 మందిలో తొమ్మిదిమంది ఒక్క ప్రశ్నా అందని ఆ పన్నెండుమందిలోవాళ్లే.

ఆ ఒక్క సెకను విషయంలో మన మేడంను తప్పుపట్టడానికి లేదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో సైన్సు తరగతుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకనుకు మించి ఆగడం లేదని కనుక్కుంది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, నోరు తెరవనివాళ్లూ మాట్లాడారు. టీచరుకు తన వేగం తనకు తెలియదు. పక్కనున్నవాళ్లు గడియారం చూసి చెబితేనే తెలుస్తుంది. ఎదుగుదల కోసం చేసే పరిశీలనకు ఉన్న పెద్ద ఉపయోగం ఇదేనని నా అభిప్రాయం. సలహా ఇవ్వడం కంటే, టీచరు తాను చూడలేని దాన్ని చూపించడమే ముఖ్యం.

అదే రోజు లేదా మర్నాడు ఇద్దరూ మళ్లీ కూర్చుంటారు. దానికి ముందు హెచ్.ఎం. తన కాగితం తానొకసారి చూసుకుని, ఉన్నవాటిలో ఏ ఒక్కటి మాట్లాడితే మేడంకు పనికొస్తుందో ఎంచుకుంటారు. సంభాషణలో మొదట మాట్లాడేది టీచరే. కాగితం ఆమె ముందు పెట్టి "మీకేం కనిపిస్తోంది?" అని అడుగుతారు. వెనక వరసలు ఖాళీగా ఉండటం ఎవరూ చెప్పకుండానే ఆమెకు కనబడుతుంది. 35 సంగతి కూడా ఆమే పట్టుకుంటారు. వచ్చే పాఠంలో పుల్లలను పదేసి కట్టలు కట్టి, 52 అంటే అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు అని పిల్లల చేతికే ఇద్దామనుకుంటారు. 27 తీయాలంటే ఒక కట్ట విప్పాల్సిందే. అప్పుడు పెద్దదాంట్లోంచి చిన్నది తీసే దొంగదారి ఉండదు. టీఎల్ఎం అనే మాటకు ఇక్కడ అర్థం వచ్చింది. పది రోజుల్లో హెచ్.ఎం. మళ్లీ వచ్చి, ఆ పన్నెండుమందిని మాత్రమే గమనిస్తారు.

అయిదో దశను అందరూ వదిలేస్తారు. పరిశీలించినవారు తమ పనిని తాము చూసుకోవడం అది. నేను ఎక్కువ మాట్లాడానా? ముందు అనుకోని విషయం తెచ్చి ఆమెను ఇరకాటంలో పెట్టానా? ఈ ప్రశ్నలు వేసుకోవాలి. ఆ తర్వాత ఆ వరసల బొమ్మ ఉన్న కాగితం ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోవాలి. అది టీచరు దగ్గరే ఉండాలి. హెచ్.ఎం. బీరువాలోకి వెళ్లిందా, పై ఆఫీసు అడిగిన రోజున బయటికొస్తుంది. ఒక్కసారి అలా బయటికొస్తే చాలు, ఆ బడిలో ఇంకెవరూ "ఇక్కడ నాకు రావడం లేదు సార్" అని చెప్పరు.

ఈ మాటకు ఆధారం ఉంది. 1974లోనే ఆర్థర్ బ్లమ్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకుడు పర్యవేక్షకులకూ టీచర్లకూ మధ్య సంబంధాన్ని అంతర్గత ప్రచ్ఛన్న యుద్ధమని తన పుస్తకం పేరులోనే పిలిచాడు. నమ్మకం బడి మీద ఎంత పనిచేస్తుందో చికాగోలో అంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ కొలిచి చూపించారు. 1990లలో అక్కడి సుమారు 400 ప్రాథమిక బడులను వాళ్లు ఏళ్ల తరబడి గమనించారు. టీచర్లు ఒకరినొకరు, ప్రిన్సిపాల్‌ను, తల్లిదండ్రులను ఎంత నమ్ముతున్నారో ప్రశ్నావళితో కొలిచారు. నమ్మకం గట్టిగా ఉన్న బడుల్లో సగం చదువులో, లెక్కల్లో బాగుపడే జాబితాలో చేరాయి. నమ్మకం బలహీనంగా ఉన్న బడుల్లో ఏడింటికి ఒకటే చేరింది. 2002లో వచ్చిన వాళ్ల పుస్తకం నమ్మకాన్ని నాలుగు పాళ్లుగా చెబుతుంది. ఎదుటివాళ్ల మాట వినే గౌరవం, మనిషి మీద శ్రద్ధ, పనిలో సమర్థత, చెప్పింది చేసే నిజాయితీ.

ఆ మూడోదాన్ని, సమర్థతను, చాలామంది మరిచిపోతారు. బడిలో నమ్మకం అంటే అందరూ నవ్వుతూ టీ తాగడం అనుకుంటారు. ఒక టీచరు క్లాసుకు వెళ్లకుండా వరండాలో ఫోన్ చూస్తూ కూర్చుంటే, హెచ్.ఎం. చూసీ చూడనట్టు పోతుంటే, పక్క క్లాసులో గొంతు చించుకుంటున్న టీచరుకు హెచ్.ఎం. మీద నమ్మకం పోతుంది. అందుకే తీర్పును బడిలోంచి తీసేయాలని నేను అనడం లేదు. క్లాసుకు రాకపోవడం, పిల్లల్ని కొట్టడం, తప్పుడు హాజరు వేయడం వంటివి పెన్సిలు గీతలతో మాట్లాడుకునేవి కావు. వాటికి నోటీసు, విచారణ, చర్య ఉండాలి. అవి ఎవరు చేస్తారో, దేని ఆధారంగా చేస్తారో ముందే అందరికీ తెలిసి ఉండాలి. తీసివేతలు చెప్పడం రాని టీచరునూ, తీసివేతలు చెప్పడం మానేసిన టీచరునూ ఒకే రిజిస్టరులో రాయడమే అన్యాయం.

తీర్పు వైపు కూడా మనం అనుకున్నంత నికరంగా ఏమీ లేదు. బ్రిటన్‌లోని డరమ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ కో, అందుబాటులో ఉన్న పరిశోధనలు చూసి 2014లో ఒక లెక్క చెప్పాడు. ఒక పరిశీలకుడు అత్యుత్తమం అన్న పాఠాన్ని ఇంకో పరిశీలకుడు చూస్తే, సగానికి పైగా సందర్భాల్లో వేరే గ్రేడ్ ఇస్తాడు. అదే ఏడాది ఇంగ్లండ్ బడుల తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ విడి పాఠాలకు గ్రేడ్ ఇవ్వడం మానేసింది. 2024లో మొత్తం బడికి ఒక్క మాటలో తీర్పు చెప్పే పద్ధతినీ అక్కడి ప్రభుత్వ బడులకు ఆపేశారు. 40 నిమిషాలు చూసి ఒక మనిషి పనికి ఒక అంకె వేయడం అంత కష్టమైన పని. చూసేవారికి ఆ సబ్జెక్టు వచ్చా, ఆ పిల్లలు ఎలాంటివాళ్లో తెలుసా, గట్టిగా మాట్లాడే టీచరంటే ఇష్టమా అన్నవన్నీ ఆ అంకెలో కలిసిపోతాయి.

పైగా, శిక్ష పెద్దదైనప్పుడు అంకె వేసే చెయ్యి కూడా వెనకాడుతుంది. అమెరికాలో మాథ్యూ క్రాఫ్ట్, అలిసన్ గిల్మర్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పెద్ద పట్టణ విద్యా జిల్లాలో ప్రిన్సిపాళ్లు తమ టీచర్లలో నాలుగో వంతుకు పైగా ఆశించిన స్థాయికి తక్కువని భావించారు. కాగితం మీద ఆ గ్రేడ్ ఇచ్చింది అందులో కొద్దిమందికే. మాట్లాడే సమయం లేక, కొత్త టీచరును కుంగదీయడం ఇష్టం లేక, గొడవలెందుకని. మన దగ్గర వార్షిక గోప్య నివేదికల్లో ఏళ్ల తరబడి జరిగిందీ ఇలాంటిదే. అలా రాసిన మాటను ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని, ప్రతికూలమైనదే కాదు, ప్రతి రిమార్కునూ తెలపాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చాటుగా రాసే తీర్పు మనిషిని బాగుచేయదన్నది ఉద్యోగాలన్నిటికీ వర్తించే సంగతే. కానీ రోజంతా ఒంటరిగా తరగతి గదిలో పనిచేసే టీచరుకు అది మరింత వర్తిస్తుంది.

గేట్స్ ఫౌండేషన్ సాయంతో అమెరికాలో మూడు విద్యా జిల్లాలు, నాలుగు చార్టర్ బడుల సంస్థలు టీచర్ల మూల్యాంకనాన్ని పెద్దఎత్తున మార్చాయి. పరిశీలనలు, మార్కులు, జీతం, పదోన్నతి అన్నిటినీ ముడివేశాయి. మొత్తం ఖర్చు 57 కోట్ల డాలర్లు దాటింది. రాండ్ సంస్థ 2018లో లెక్క చూస్తే, పిల్లల చదువులో అనుకున్న మెరుగుదల కనబడలేదు. మధ్యప్రదేశ్‌లో బ్రిటన్ నమూనాలో బడులకు గ్రేడ్లు ఇచ్చి, అభివృద్ధి ప్రణాళికలు రాయించిన కార్యక్రమాన్ని మురళీధరన్, అభిజీత్ సింగ్ పరిశీలించారు. ప్రణాళికలన్నీ పద్ధతిగా తయారయ్యాయి. టీచర్ల హాజరు మారలేదు, పిల్లల చదువూ మారలేదు.

ఇందుకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది, దాన్ని పక్కన పెట్టకూడదు. అమెరికాలోని సిన్సినాటి నగరంలో టీచరును ఏడాదిలో నాలుగుసార్లు చూసేవారు. మూడుసార్లు చూసేది బయటి బడి నుంచి వచ్చే, శిక్షణ పొందిన తోటి టీచరు. ఒకసారి ప్రిన్సిపాల్. దేనికి ఎంత మార్కో ముందే తెలిసిన కొలబద్ద ఉండేది, ప్రతిసారీ చూశాక రాతపూర్వకంగా వివరం ఇచ్చేవారు, ముఖాముఖిగానూ మాట్లాడేవారు. ఎరిక్ టేలర్, జాన్ టైలర్ 2012లో ప్రచురించిన ప్రకారం, అనుభవమున్న టీచర్లు ఈ ఏడాది గడిపాక వాళ్ల పిల్లలు లెక్కల్లో మెరుగయ్యారు, ఆ మెరుగుదల తర్వాతి ఏళ్లలోనూ నిలిచింది. అక్కడ గ్రేడ్ ఉంది, తీర్పు ఉంది. అయినా పనిచేసింది. దీన్నిబట్టి నాకు అర్థమయ్యేది, తీర్పు ఉండటం ఒక్కటే నమ్మకాన్ని చంపదు. ఆ సబ్జెక్టు చెప్పిన మనిషి, పలుమార్లు వచ్చి, ఆధారం చూపించి మాట్లాడితే టీచరు వింటారు. ఇంగ్లండ్‌లో 82 హైస్కూళ్లలో టీచర్లు ఒకరి క్లాసు ఒకరు చూసుకునే ప్రయోగం చేశారు. జీతంతో, ఉద్యోగంతో దానికి ముడిలేదు. అక్కడా పిల్లల ఫలితాలు కొంత మెరుగయ్యాయి. చూడబడిన టీచర్ల పిల్లలతోపాటు చూడటానికి వెళ్లిన టీచర్ల పిల్లలూ లాభపడ్డారు.

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఎవరు చేయాలి? ప్రాథమిక బడుల్లో చాలాచోట్ల ఇద్దరే టీచర్లు, కొన్నిచోట్ల ఒక్కరే. హెచ్.ఎం. కూడా రెండు మూడు తరగతులు ఒకేసారి చూసుకుంటూ ఉంటారు. ఎంఈఓ మీద మండలంలోని బడులన్నీ, మధ్యాహ్న భోజనం, పుస్తకాల పంపిణీ, యాప్‌లలో హాజరు, ఫోటోలు అన్నీ ఉంటాయి. చాలా మండలాల్లో ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జిలతోనే నడిచింది. ఆయన ఒక బడిలో అరగంట ఉంటే, ఆ అరగంటలో చూడగలిగింది రికార్డులే. ప్రైవేటు బడుల్లో ఇంకోరకం ఒత్తిడి. తరగతి గదిలో సీసీ కెమెరా, కారిడార్‌లో ప్రిన్సిపాల్, ఏడాది చివర ర్యాంకులనుబట్టి ఇంక్రిమెంటు. అక్కడ టీచరు పక్క టీచరుకు తన నోట్సు చూపించడానికి కూడా వెనకాడతారు, ఎందుకంటే ఆ పక్క టీచరే పోటీ.

కానీ మన దగ్గర దారి లేకపోలేదు. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద ఊళ్ల టీచర్లు కలుసుకునే ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. ఒకరు పాఠం చెప్పి చూపిస్తే మిగతావాళ్లు దాని మీద మాట్లాడేవారు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు ఇప్పుడు కూడా ఆ వీలు ఉంది. ఆ రోజు సర్క్యులర్లు చదివి సంతకాలు తీసుకోవడంతో సరిపెట్టకుండా, ఒక్క గంట ఒక నిజమైన తరగతిలో ఒక్క పాఠం చూడవచ్చు. పక్క బడి మూడో తరగతి టీచరు ఈ బడి మూడో తరగతికి వస్తే 35 అనే తప్పు అరక్షణంలో దొరుకుతుంది, ఎందుకంటే ఆమె తన పిల్లల నోటుబుక్కుల్లో దాన్ని రోజూ చూస్తోంది. గళ్ల ఫారం పట్టుకున్న అధికారికి అది దొరకడం కష్టం. చూడటానికి వచ్చినవారికి ఎవరి జీతం మీదా అధికారం ఉండకపోవడమే ఇక్కడ బలం.

ఒక బడిలో పరిశీలన ఏ రకంగా నడుస్తోందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పరిశీలనకు టీచరు ఎంచుకునే పాఠం చూడండి. బాగా వచ్చిన పాఠమే ప్రతిసారీ ఎంచుకుంటున్నారంటే అక్కడ పరిశీలన అంటే పరీక్షే. కొరుకుడుపడని పాఠానికి "రండి సార్, చూడండి" అని పిలుస్తున్నారంటే నమ్మకం ఉన్నట్టు. పరిశీలించినవారు రెండోసారి వచ్చారా లేదా అన్నది ఇంకా ముఖ్యం. మళ్లీ రాని మనిషి రాసిన సలహాను టీచరు అమలు చేశారో లేదో ఎవరికీ తెలియదు. అది రిమార్కుగానే మిగిలిపోతుంది.

జూన్‌లో బడులు తెరిచాక మొదటి కాంప్లెక్స్ సమావేశంలో ప్రధానోపాధ్యాయులు ఈ ఒక్క నిర్ణయం తీసుకోమని నా విన్నపం. హాజరు, క్రమశిక్షణ, రికార్డుల తనిఖీకి ఒక రిజిస్టరు ఉండనివ్వండి, దాని మీద సంతకాలు, చర్యలు మామూలుగా సాగనివ్వండి. తరగతిలో పాఠం చూడటానికి వెళ్లేటప్పుడు మాత్రం ఆ రిజిస్టరును ఆఫీసులోనే వదిలి, ఒక తెల్ల కాగితం తీసుకెళ్లండి. ఏం చూడాలో టీచరునే అడగండి, రాసిన కాగితం ఆమె చేతికే ఇచ్చేయండి, పది రోజుల్లో మళ్లీ రండి. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. బడి యాజమాన్య కమిటీలో ఉన్న తల్లిదండ్రులు కూడా హెచ్.ఎం.ను ఒక ప్రశ్న అడగవచ్చు: "ఈ నెల మీరు ఏ తరగతిలో కూర్చుని పాఠం చూశారు, రెండోసారి ఎప్పుడు వెళ్లారు?"